చందమామకు శుభరాత్రి చెప్పేదెవరు?

మూడేళ్ల కిందట వేసవి శిక్షణలో మా బృందానికి ఒక పని ఇచ్చారు. చిన్నపిల్లలకు నిద్రపోయే ముందు చదివి వినిపించే ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం ఒకటి తీసుకుని, ఒకటో తరగతి పిల్లలకు పనికొచ్చేలా తెలుగు చేయాలి. మాకు వచ్చిన పుస్తకం ‘గుడ్‌నైట్ మూన్’. రాసినామె మార్గరెట్ వైజ్ బ్రౌన్, బొమ్మలు వేసినాయన క్లెమెంట్ హర్డ్. 1947లో న్యూయార్క్‌లో అచ్చయింది. మొత్తం కలిపితే నూట ముప్పై మాటలకు అటూ ఇటూ. ఆరుగురం ఉన్నాం, గంటలో అయిపోతుందనుకున్నాం. నిజంగానే గంటలో అయిపోయింది. చక్కటి దస్తూరీ ఉన్న ఒక టీచరు దాన్ని నోటుబుక్కులో ఎక్కించింది. అందరం ఫోటో తీసుకున్నాం.

ఆ తెలుగును జూన్‌లో మా ఆశ్రమ పాఠశాలకు తీసుకుపోయి రాత్రి పడకల దగ్గర చదివాను. నాలుగో పేజీకల్లా పిల్లలు దుప్పట్లు లాక్కుని కొట్టుకోవడం మొదలుపెట్టారు. నిద్రపుచ్చాల్సిన పుస్తకం ఉన్న నిద్రను కూడా చెదరగొట్టింది. ఈ వ్యాసం ఆ తెలుగు గురించే. అందులో నా చేతి వాక్యాలూ ఉన్నాయి కాబట్టి ఎవరినో తప్పుపడుతున్నానని అనుకోవద్దు.

పుస్తకం చూడనివాళ్ల కోసం ముందు దాని సంగతి చెప్తాను. ఒక కుందేలు పిల్ల మంచం మీద పడుకుని ఉంటుంది. పక్కన కుర్చీలో ముసలమ్మ కుందేలు ఊలు అల్లుతూ ఉంటుంది. పుస్తకం మొదటి సగంలో ఆ గదిలో ఏమేమి ఉన్నాయో పేరుపేరునా చెప్తారు. రెండో సగంలో వాటిలో ఒక్కొక్కదాన్నే పలకరించి సెలవు తీసుకుంటారు. అంతే. పులి రాదు, రాజు రాడు, ఎవరూ తప్పిపోరు. ఒక రంగు పేజీల జత తర్వాత ఒక నలుపు తెలుపు జత వస్తుంది. రంగు పేజీ వచ్చిన ప్రతిసారీ గది కొంచెం చీకటిపడుతుంది. గోడ గడియారం ఏడు గంటల దగ్గర మొదలై ఎనిమిదీ పది నిమిషాలకు చేరుతుంది. రంగు పేజీలన్నింటిలో ఒక చిట్టెలుక ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాని గురించి కథ పెద్దగా చెప్పదు, పిల్లలే వెతుక్కోవాలి. బ్రౌన్ న్యూయార్క్‌లో బ్యాంక్ స్ట్రీట్ అనే ప్రయోగాత్మక బడితో కలిసి పనిచేసిన మనిషి. అద్భుతాలకంటే పిల్లల చుట్టూ ఉన్న వస్తువులూ చప్పుళ్లే వాళ్లకు ముందు కథలవుతాయని ఆ బడివాళ్లు నమ్మేవాళ్లు.

ఇంత తక్కువ మాటలున్న పుస్తకంలో ఒక మాట తప్పితే ఎంత తప్పుతుందో చూడండి. మా మొదటి తప్పు ‘శుభరాత్రి’.

ఇంగ్లిష్‌లో ‘గుడ్‌నైట్’ అనేది అక్కడి తల్లులు రోజూ రాత్రి పిల్లలతో అనే మాట. మేం దాన్ని నిఘంటువులో చూసినట్టు ‘శుభరాత్రి’ అని పెట్టేశాం. ఆలోచించండి, మీ ఇంట్లో ఎవరైనా ఎవరికైనా శుభరాత్రి చెప్పారా? ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ కింద రాసి పంపుతారు. టీవీలో వార్తలు చదివినామె చివర్లో చెప్తుంది. అమ్మ నోటి నుంచి రాని మాటతో అమ్మ ఒడి లాంటి పుస్తకాన్ని మొదలుపెట్టాం. దాన్ని పలకడం కూడా కష్టమే. మా కోయ పిల్లల నోట ‘భ’ పలకదు, ‘సుబరాత్రి’ అంటారు. అది వాళ్ల తప్పు కాదు, ఆ ఒత్తు వాళ్ల ఇంటిమాటలో లేదు. పైగా ‘రా’ దగ్గర నోరు పూర్తిగా తెరిచి, వెంటనే ‘త్రి’ దగ్గర ఎదురుదెబ్బ తిన్నట్టు ఆగాలి. ఒక్కసారైతే ఫరవాలేదు. పేజీ పేజీకీ అదే మాట వస్తుంటే బండి గతుకుల్లో పడ్డట్టు ఉంటుంది.

సరే, శుభరాత్రి తీసేసి ‘పడుకో’ అని పెట్టి చూశాను. మా వైపు ‘పండుకో’ అని కూడా అంటారు. చిన్నపిల్లలతోనైతే ‘బజ్జో’. బజ్జో వినడానికి మెత్తగా ఉంది, నోటికి హాయిగా ఉంది. రెండో రాత్రి చదివితే ఒకటో తరగతి పిల్లవాడు లేచి కూర్చుని అడిగాడు, “చందమామ ఇప్పుడే గదా లేచింది సార్, మళ్లీ ఎందుకు పడుకోమంటున్నారు?” వాడు అడిగింది న్యాయం. ఇంగ్లిష్ మాట ఒక సెలవు. నేను పెట్టింది ఒక ఆజ్ఞ. కుర్చీని పడుకోమంటే కుర్చీ ఏం చేస్తుంది? గాలిని పడుకోమంటే? పుస్తకంలో నిద్రపోయేది కుందేలు పిల్ల ఒక్కటే. మిగతావన్నీ మేలుకునే ఉంటాయి, తెల్లారేదాకా అక్కడే ఉంటాయి. ఆ ధైర్యం చెప్పడానికే కదా ఈ పుస్తకం!

మరి మనం సెలవు తీసుకునేటప్పుడు ఏమంటాం? ‘పోతా’ అనం. ఎవరైనా పొరపాటున అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, “పోయొస్తా అనాలి” అని సరిచేస్తారు. పోవడంలోనే రావడం కూడా చెప్పాలి. ఇంకో సంగతి చూడండి. తెలుగులో నిద్ర పట్టడాన్ని ‘నిద్రపోవడం’ అంటాం. నిద్ర కూడా మనకు ఒక పోక. నిద్రపోయే పిల్ల గదిలో వస్తువులకు చెప్పాల్సిన మాట ఇదే కదా అనిపించింది: చందమామా, పోయొస్తా. ఇంగ్లిష్ మాటలో మళ్లీ వస్తాననే మాట లేదు. ఆ భరోసాను అక్కడ బొమ్మలు ఇస్తాయి, కుర్చీ అక్కడే ఉంది, ఎలుక అక్కడే ఉంది అని. తెలుగులో ఒక్క మాటే ఆ పని చేస్తుంది.

దీనివల్ల ఒకటి పోయింది, అదీ చెప్పాలి. ఇంగ్లిష్‌లో సెలవు చెప్తున్నది ఎవరో తెలియదు. కుందేలు పిల్ల కావచ్చు, ముసలమ్మ కావచ్చు, చదివే అమ్మ కావచ్చు. ‘పోయొస్తా’ అనగానే అది పిల్ల గొంతే అయిపోతుంది. పెద్దవాళ్ల గొంతుకు అందులో చోటు ఉండదు. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాను.

ఇక లయ సంగతి. ఇంగ్లిష్‌లో పలకరింపు ముందు వస్తుంది, వస్తువు పేరు వెనక వస్తుంది. కాబట్టి ఈసారి ఏ వస్తువో అని చెవి ఎదురుచూస్తుంది. మేం ఆ వరుసనే కాపాడాలని ‘శుభరాత్రి’ ముందు పెట్టి వస్తువును వెనక పెట్టాం. తెలుగు చెవికి అది ఉత్తరం మొదలుపెట్టినట్టు వినిపించింది. తెలుగులో పిలుపు ముందు, చెప్పే మాట వెనక: అమ్మా, ఆకలి. అన్నా, ఆగు. వరుస తిరగేస్తే ఒక లాభం కలిసొచ్చింది. మారే మాట ముందుకు పోయి, మారని మాట చివరకు వచ్చింది. చిన్నపిల్లలు చివరి మాటనే అందుకుంటారు. నేను వస్తువును పిలిచి ఆగితే చాలు, మిగతాది పిల్లలే అంటారు.

పుస్తకంలోని వాక్యాలు ఇక్కడ రాయను. మా పడక గదిలో ఉన్నవాటితోనే చెప్తాను. చేత్తో తొడ మీద మెల్లగా తట్టుకుంటూ ఇవి అని చూడండి.

కిటికీ, పోయొస్తా.
లాంతరూ, పోయొస్తా.
దోమతెరా, పోయొస్తా.
గోడమీది బల్లీ, పోయొస్తా.

మొదటి మూడింటిలో వస్తువుకు రెండు తట్లు, పోయొస్తాకు రెండు తట్లు. కిటి–కీ, పో–యొస్తా. నాలుగోదానిలో వస్తువుకు నాలుగు తట్లు పడ్డాయి, పోయొస్తాకు మళ్లీ రెండే. చెవికి ఇబ్బంది లేదు, ఎందుకంటే నాలుగు రెండుకు రెట్టింపు. అదే ‘లాంతరు బుడ్డీ’ని ‘మసిబారిన పాత లాంతరు బుడ్డీ’ అని పొడిగిస్తే పిల్లలకు ఎక్కడ అందుకోవాలో తెలియదు. మా నోటుబుక్కు తెలుగులో ఇలాంటివి చాలా ఉన్నాయి. ముసలమ్మ ‘వృద్ధురాలైన మహిళ’ అయింది. జావగిన్నె ‘జావతో నిండిన పాత్ర’ అయింది. అర్థం ఒక్కటీ తప్పు కాదు. అయితే ఒక్కటీ తట్టుకు నిలవదు. నిజానికి జావ మన పిల్లలకు అమెరికా పిల్లలకంటే దగ్గరి మాట, ఇప్పటికీ పొద్దున్నే తాగేది అదే. దాని పక్కన ‘పాత్ర’ ఎందుకు పెట్టామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిలిచేటప్పుడు తెలుగు మాట చివరి అచ్చు సాగుతుంది. లాంతరు లాంతరూ అవుతుంది, చందమామ చందమామా అవుతుంది. జోలపాటలో గొంతు సాగేది ఇలాగే. ఇంగ్లిష్‌కు లేని ఈ సాగుడు మనకు ఊరికే దొరుకుతుంది. మేం సాగదీయకుండా ‘చంద్రునికి’, ‘కుర్చీకి’ అని ‘కి’ తగిలించి ఆ దొరికినదాన్నీ పారేశాం.

మొదటి సగంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ వస్తువుల జాబితా పేజీల మీదుగా సాగుతూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘ఉంది’ అనే మాట మొదట్లోనే అయిపోతుంది కాబట్టి జాబితా ఎంత దూరమైనా పోవచ్చు. మన ‘ఉంది’ చివర్న కూర్చుంటుంది. అందుకని మేం ప్రతి వస్తువు వెనకా ఒక ‘ఉంది’ పెట్టాం. ఫోను ఉంది, బెలూను ఉంది, బొమ్మ ఉంది. స్టాకు రిజిస్టరు చదివినట్టు ఉంది. అధికారి వచ్చినప్పుడు సామాను లెక్క చెప్పేది సరిగ్గా ఇలాగే. తర్వాత దాన్ని మార్చాను. మొదట “గదిలో ఏమేమున్నాయి?” అని ఒక్కసారి అడిగి, ఆ తర్వాత ‘ఉంది’ లేకుండా పేర్లు మాత్రమే చెప్పుకుంటూ పోయాను. పలకా, బలపమూ, పెట్టే, తాళమూ. రెండు వస్తువులను కలపాలంటే తెలుగులో ‘మరియు’ అక్కర్లేదు, చివర సాగదీస్తే చాలు. ‘మరియు’ మా నోటుబుక్కులో పదకొండు సార్లు ఉంది, లెక్కపెట్టాను.

ప్రాస దగ్గర మేం చేసింది ఇంకా నవ్వొచ్చే పని. ఇంగ్లిష్ పుస్తకంలో పిల్లికూనల పక్కన ఊలు చేతితొడుగులు ఆరేసి ఉంటాయి. పిల్లికూనలకూ చేతితొడుగులకూ సంబంధం ఏమిటంటే ఇంగ్లిష్‌లో ఆ రెండు మాటల చివర్లు కలుస్తాయి, అంతే. ప్రాస కోసం వచ్చిన వస్తువులవి. బొమ్మ కూడా ఆ ప్రాసను బట్టి వేసిందే. తెలుగులోకి వచ్చేసరికి ప్రాస పోతుంది, బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. మా బృందంలో ఒకాయన కవిత్వం రాస్తాడు. ఆయన పట్టుబట్టి చేతితొడుగులు తీసేసి ‘బల్లి’ పెట్టించాడు. పిల్లీ బల్లీ, భలే కలిసింది. రాత్రి చదువుతుంటే పిల్లలు పుస్తకం మీద పడి “బల్లి ఏదీ? బల్లి ఎక్కడుందీ?” అని వెతుకుడు మొదలుపెట్టారు. బొమ్మలో బల్లి లేదు. నిద్ర సంగతి దేవుడెరుగు, ఆ రాత్రి పుస్తకం అట్ట చిరిగింది. బొమ్మల పుస్తకంలో సగం వాక్యం బొమ్మలోనే ఉంటుంది. బొమ్మను కాదని మాట మార్చే హక్కు అనువాదకుడికి లేదు. పిల్లలే చివరికి దానికి పేరు పెట్టారు, ‘చేతిసాక్సులు’ అని. అదే ఉంచాను.

ప్రాసను బలవంతంగా తేవాలనుకుంటే తెలుగులో ఒక మోసం కూడా ఉంది. మన క్రియలు చివర్న వస్తాయి కాబట్టి చూసింది, తీసింది, వేసింది అని అవి వాటంతట అవే కలుస్తాయి. చాలామంది పిల్లల పుస్తకాల అనువాదకులు దీన్నే ప్రాస అనుకుంటారు. ఊరికే వచ్చేదాన్ని చెవి గుర్తుపట్టదు. తెలుగు చెవి ఎదురుచూసేది మాట మొదట్లో, రెండో అక్షరం దగ్గర. పలక–చిలక, గంప–చెంప, దుప్పటి–చప్పుడు. పద్యం చదువుకోని మా ముసలివాళ్లు కూడా తెలుగు పొడుపుకథ వేస్తే ఈ రెండో అక్షరమే కలుపుతారు. అనువాదంలో బొమ్మ ఒప్పుకున్నచోట దీన్ని వాడుకోవచ్చు. ఒప్పుకోనిచోట వదిలేయాలి. ఈ పుస్తకానికి ‘పోయొస్తా’ తిరిగి తిరిగి రావడమే చాలు, ప్రాస లేకపోయినా పడుకుంటారు.

తిరిగి రావడం గురించి ఒక మాట. మా నోటుబుక్కులో శుభరాత్రి మొదటి మూడుసార్లు మాత్రమే ఉంది. తర్వాత ‘నిద్రించు’, ఆ తర్వాత ‘విశ్రమించు’, ఇంకోచోట ‘పవళించు’ కూడా ఉంది. ఎందుకు మార్చామని ఆలోచిస్తే మా టీటీసీ రోజులు గుర్తొచ్చాయి. వ్యాసంలో ఒకే మాట రెండుసార్లు వస్తే కింద ఎర్రగీత పడేది. ‘పర్యాయపదాలు వాడుము’ అని పక్కన రాసేవాళ్లు. ఆ ఎర్రగీత భయం ఇరవై ఏళ్లయినా మా చేతుల్లోనే ఉంది. చిన్నపిల్లకు మాత్రం మారిన ప్రతి మాటా ఒక కొత్త పని. దాని అర్థం వెతుక్కోవాలి, అంటే మేలుకోవాలి. తెలుగు ఇంటిమాట కాని పిల్లకైతే మరీను. మా దగ్గర ఒకటో తరగతిలో చేరేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు సంత భాష, బస్సు భాష. వాళ్లకు ఒక్క మాటను పదిహేనుసార్లు ఇస్తే పదహారోసారికి అది వాళ్లదవుతుంది. పదిహేను మాటలు ఒక్కోసారి ఇస్తే ఒక్కటీ మిగలదు.

చప్పుళ్ల మాటలకు వద్దాం. ఇది మన బలం. గలగల, జలజల, మిలమిల, గుసగుస అని రెట్టించి చప్పుడునూ మెరుపునూ చెప్పే పద్ధతి ద్రావిడ, ఇండో-ఆర్యన్, ముండా కుటుంబాల భాషల్లో ఉమ్మడిగా కనిపిస్తుందని ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1969లోనే ఒక వ్యాసం రాశాడు. అంటే తెలుగుకూ కోయకూ సవరకూ మధ్య ఇది పాత చుట్టరికం. బలం ఉంది కదా అని మేం ఎక్కడ పడితే అక్కడ వాడాం.

ముందు ఒక్క మాట చూడండి. పుస్తకంలో ముసలమ్మ పిల్లను ఊరుకోమని మెల్లగా అనే చప్పుడు ఒకటి ఉంది. ఇంగ్లిష్‌లో అది ‘హష్’. మేం దాన్ని దాదాపు అలాగే తెలుగు అక్షరాల్లో ‘హుష్’ అని దింపాం. నేను చదవగానే పిల్లలందరూ చేతులు విదిలించి “హుష్! హుష్!” అని అరిచారు. మన ‘హుష్’ కాకిని తోలే మాట కదా! ఒకే చప్పుడు అక్కడ నిద్రపుచ్చుతుంది, ఇక్కడ ఎగరగొడుతుంది. చప్పుడు మాట చప్పుడే కాబట్టి అనువాదం అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. అక్కడ నేను ‘ష్‌ష్‌ష్’ అని పెట్టాను, అచ్చు లేకుండా, ఊపిరితో మాత్రమే. దాని పక్కన మేం రాసిన ‘గుసగుసలాడింది’ కూడా తీసేశాను. మనకు గుసగుస అంటే చాటుమాటు సంగతి. పిల్లలు ఏం రహస్యమో అని చెవులు రిక్కిస్తారు. ‘మెల్లగా అంది’ చాలు.

పుస్తకం చివర్లో రాత్రి చప్పుళ్లకు కూడా సెలవు చెప్పాలి. మా నోటుబుక్కులో అక్కడ ‘కిచకిచ, టపటప, గడగడ, కలకల’ అని నాలుగు వరుసగా ఉన్నాయి. చప్పుళ్ల మాటలు కాపాడమన్నారు కాబట్టి కాపాడాం. మూలంలో మాత్రం అక్కడ ఏ చప్పుడు పేరూ లేదు. బ్రౌన్‌కు చప్పుళ్లు రాయడం రాక కాదు. 1939లోనే ఆమె కళ్లకు కట్టు కట్టిన కుక్కపిల్ల ఊరి చప్పుళ్లన్నీ వినే పుస్తకం రాసింది. ఇక్కడ కావాలనే ఊరుకుంది, ఎందుకంటే ఆ పేజీ దగ్గర పిల్ల నిజంగా తన గది బయటి చప్పుళ్లు వినాలి. మా దగ్గర ఆ పేజీకి నేను చదవడం ఆపేస్తాను. కీచురాయి వినిపిస్తుంది. బోరు దగ్గర బకెట్టు చప్పుడు. దూరంగా రోడ్డు మీద లారీ. తర్వాత “చప్పుళ్లూ” అంటాను, మిగతాది పిల్లలు అంటారు.

రెట్టింపు మాటలకు వేగం ఉంటుందని ఇక్కడే తెలిసింది. టపటప, గడగడ లాంటివి గట్టి అక్షరాలతో వెంట వెంట పరిగెడతాయి. అవి పగటి మాటలు. రాత్రికి ఒక్కసారే అని సాగదీసేవి కావాలి. సుయ్య్‌మని గాలి, గుయ్య్‌మని దోమ.

పగటి పుస్తకం ఒకటి పక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ‘వియ్‌ఆర్ గోయింగ్ ఆన్ ఎ బేర్ హంట్’ అని 1989లో వచ్చిన పుస్తకం ఉంది. మైకేల్ రోజెన్ రాసింది, హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలు. ఎలుగుబంటిని వెతుక్కుంటూ ఒక కుటుంబం గడ్డిలో, నదిలో, బురదలో, అడవిలో, మంచు గాలిలో నడుస్తుంది. ఒక్కోచోట ఒక్కో చప్పుడు. గడ్డి దగ్గర నేను ‘సరసర’ అని పెట్టాను. పిల్లలు కాళ్లు పైకి లాక్కుని “పాము!” అన్నారు. గడ్డిలో సరసర అంటే మనకు పామే. తర్వాత వాళ్లే ‘సుయ్ సుయ్’ అన్నారు. నది దగ్గర ‘గలగల’ అని పెట్టాను. అది నది తనంతట తాను చేసే చప్పుడు, నదిలో దిగిన కాలి చప్పుడు కాదు. కాలికి ‘తపుక్ తపుక్’ కావాలి. బురదకు ‘పచక్’ అని ఆగి, కాలు పీక్కుని, మళ్లీ ‘పచక్’. చప్పుడు ఎవరిది, దేని మీద పడింది అని అడగకుండా నిఘంటువులోంచి తీస్తే ఇలాగే అవుతుంది. నదికి నేను ‘ఏరు’ అని వాడితే ఇంకో తమాషా జరిగింది. మా కోయమాటలో ఏరు అంటే నీళ్లు. పిల్లలకు నీళ్లలో నడిచినట్టే అర్థమైంది. అక్కడ పనికొచ్చింది కాబట్టి సరిపోయింది గానీ ‘ఏరు ఎండిపోయింది’ అని ఉంటే కుండ వైపు చూసేవాళ్లు.

మళ్లీ మన గదిలోకి వస్తే, అన్నిటికంటే కష్టమైన పేజీ ఒకటి మిగిలింది. పుస్తకంలో ఒక పేజీ పూర్తిగా ఖాళీగా ఉంటుంది, బొమ్మ లేదు. అక్కడ ఎవరూ కానివాళ్లకు సెలవు చెప్తారు. ఇంగ్లిష్‌లో ‘ఎవరూ కాదు’ అనేది కూడా ఒక పేరులా నిలబడుతుంది, దాన్ని పలకరించవచ్చు. తెలుగులో ‘ఎవరికీ’ అంటే వెంటనే ‘లేదు’, ‘చెప్పను’ రావాల్సిందే. మేం అలాగే ‘ఎవరికీ శుభరాత్రి చెప్పను’ అని రాశాం. అంతసేపూ అందరికీ చెప్పిన పిల్ల ఒక్కసారిగా అలిగి కూర్చున్నట్టయింది. అర్థం పూర్తిగా తిరగబడింది. నెల రోజులు ఆ పేజీని చదవకుండా తిప్పేశాను. చివరికి మనిషిని వదిలేసి చోటును పట్టుకున్నాను: ఎవరూ లేని చోటా, పోయొస్తా. ఖాళీ పేజీ మీద చెయ్యి పెట్టి చెప్తే పిల్లలకు అర్థమవుతుంది. ఇదే సరైనదని అనను. ఇంతకంటే మంచిది దొరికినవాళ్లు చెప్తే మార్చుకుంటాను.

‘పోయొస్తా’ గురించి మా బృందంలోని ఒక టీచరు అన్న మాట కూడా రాయాలి. నా మార్పులన్నీ చూసి, “మీ తెలుగు బాగుంది సార్, కానీ ఆ మాట మన పిల్లలు ఎక్కడ అన్నారో మరిచిపోయారా? గేటు దగ్గర అమ్మతో అన్నారు. రాత్రిపూట దాన్ని గుర్తుచేస్తారా?” అంది. ఆమె అన్నట్టే అయింది. మరుసటి జూన్‌లో కొత్తగా చేరిన పిల్ల మూడో రాత్రి ‘పోయొస్తా’ వినగానే దుప్పటిలో తల పెట్టి ఏడ్చింది. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. నేను పుస్తకం మూసేశాను. న్యూయార్క్‌లో తన గదిలో, తన మంచంలో, తన ముసలమ్మ పక్కన పడుకున్న కుందేలు పిల్ల కోసం రాసిన పుస్తకం ఇది. మా పిల్లలు పడుకునేది నలభై పెట్టెలున్న హాలులో. ఆ తేడాను ఏ మాటా పూడ్చదు. అందుకని ఆ మాట మార్చలేదు గానీ, జూన్‌లో ఈ పుస్తకం తీయడం మానేశాను. దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగొచ్చాక చదువుతాను. పోయి రావడం అంటే ఏమిటో అప్పటికి వాళ్లకు ఒకసారి అనుభవమై ఉంటుంది.

తెలుగు అనువాదం నిలిచిందో లేదో చెప్పడానికి నాకు ఒకటే లెక్క ఉంది. మా ఇళ్లలో కథ చెప్పేవాళ్లు వినేవాళ్లను ఊ కొట్టమంటారు. ఊ ఆగితే కథ ఆపేస్తారు. నేను ఈ పుస్తకాన్ని కూడా ఊ కొట్టించుకుంటూనే చదువుతాను. మొదటి సగంలో ప్రతి వస్తువుకూ ఊ అంటారు. రెండో సగంలో ఊ పోయి దాని చోటికి ‘పోయొస్తా’ వస్తుంది. ఒకచోట గొంతులన్నీ కలిసి ఒక్కసారే ఆగిపోతే అక్కడ మాట తప్పు ఉన్నట్టు, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను. ఒక్కో గొంతు ఒక్కోచోట జారిపోతూ వస్తే నిద్ర పడుతున్నట్టు. నోటుబుక్కు తెలుగులో ఏడు గుర్తులు పడ్డాయి. ఇప్పుడున్నదానిలో రెండున్నాయి, ఖాళీ పేజీ ఒకటి, ఊలు సాక్సుల దగ్గర ఒకటి.

దసరా తర్వాత ఆ ఏడ్చిన పిల్ల కిటికీ పక్క పడక తీసుకుంది. నేను పుస్తకం చదువుతుంటే కుర్చీ దగ్గరా గడియారం దగ్గరా ఊరుకునేది. అన్నీ అయిపోయి లైటు ఆర్పాక, చీకట్లో పుస్తకంలో లేనివాటిని వరుసగా పిలుచుకునేది. మేకపిల్లా. అటకమీది బుట్టా. ఇంటి ముందు ఇప్పచెట్టూ. నాలుగోదాని పేరు సగంలో ఆగిపోయింది.